ఒక ఫోను, రెండు సిమ్‌లు: ఏ నంబరు మోగుతోంది, ఏ నంబరు నుంచి వెళుతోంది?

కాడుగోడి, బెళతూరు, చన్నసంద్ర చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు ఇళ్ళలో ఒకే ఫోనులో రెండు సిమ్‌లు ఉండటం కొత్త సంగతి కాదు. ఒకటి ఊరి నుంచి తెచ్చుకున్న ఆంధ్రా నంబరు, రెండోది ఇక్కడ తీసుకున్న కర్ణాటక నంబరు. రెండూ పనిచేస్తున్నాయి కదా అని చాలామంది లోపలి అమరికలను ముట్టుకోరు. ఫోను కొన్న అంగడిలో కుర్రవాడు ఎలా పెట్టి ఇచ్చాడో ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. దానివల్ల కలిగే ఇబ్బందులు మాత్రం నెలనెలా మా సంఘానికి వస్తూనే ఉన్నాయి. అందుకే ఈ విషయాన్ని వరుసగా రాస్తున్నాము. బయటికి వెళ్ళే కాల్ ఏ సిమ్ నుంచి వెళ్ళాలో నిర్ణయించుకోవడం ఎలా, లోపలికి వచ్చే కాల్ ఏ సిమ్‌కు వచ్చిందో చెవితోనే గుర్తుపట్టడం ఎలా అన్నవే ఇందులోని రెండు ముఖ్యమైన అంశాలు.

రెండు నంబర్లు ఎలా మిగిలాయి?

టెలికాం లెక్కల్లో కర్ణాటక ఒక సర్కిల్. ఆంధ్రప్రదేశ్ మరొక సర్కిల్, రాష్ట్రం విడిపోయిన తర్వాత కూడా తెలంగాణ అందులోనే ఉంది. ఒకప్పుడు ఆంధ్రా సిమ్‌ను బెంగళూరులో వాడితే రోమింగ్ ఛార్జీ పడేది, వచ్చిన కాల్ ఎత్తినా డబ్బు పోయేది. అందుకని మనవాళ్ళు ఇక్కడి సిమ్ కూడా తీసుకున్నారు. 2013లోను, మళ్ళీ 2015లోను ట్రాయ్ రోమింగ్ రేట్లను తగ్గించింది. 2015 జూలై 3 నుంచి నంబరు మార్చకుండానే ఒక సర్కిల్ నుంచి ఇంకో సర్కిల్‌కు మారే వీలు కూడా దేశమంతటా వచ్చింది. ఆ తర్వాత కొద్ది కాలానికే రోమింగ్ ఖర్చు దాదాపుగా పోయింది.

ఖర్చు పోయినా రెండో నంబరు పోలేదు. అప్పటికే ఆంధ్రా నంబరు ఊరి బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు, భూమి పత్రాల పనికి ముడిపడిపోయింది. కర్ణాటక నంబరు గ్యాస్ బుకింగ్‌కు, కరెంటు బిల్లుకు, ఆసుపత్రి కార్డుకు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పుస్తకానికి ఎక్కింది. ఇప్పుడు దేన్ని వదిలేసినా తిప్పలే. రెండింటినీ ఉంచుకునేవాళ్ళు ఏది దేనికో ఫోనుకు స్పష్టంగా చెప్పి పెట్టుకోవడమే మేలు.

ఒక ఇంటి సంగతి

మా సభ్యుల్లో మదనపల్లె నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్న ఒక పెద్దాయన ఉన్నారు. వారి ఫోనులో సిమ్ 1 ఆంధ్రా నంబరు, సిమ్ 2 కర్ణాటక నంబరు. కొత్త ఫోను తీసుకున్నాక అన్ని కాల్స్ సిమ్ 2 నుంచి వెళ్ళేట్టు అమరిపోయింది. ఆయన అది గమనించలేదు. ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గర ఆయన పాత నంబరు ఒక్కటే రాసి ఉంది. తెలియని నంబరు కనబడితే ఆమె ఫోను ఎత్తదు. మూడు వారాలపాటు ఆయన చేస్తూనే ఉన్నారు, ఆమె ఎత్తకుండానే ఉంది. పొలం పంపకం మాటల్లో ఏదో మనసుకు తగిలిందేమోనని ఆయన లోలోపల నలిగిపోయారు. చివరికి మేనల్లుడి పెళ్ళి చూపుల సంగతి ఇంకెవరి ద్వారానో తెలిసి, ఇంట్లోవాళ్ళ ఫోను నుంచి చేస్తే ఆమె అన్న మాట ఇది: "ఎవురిదో నంబరనుకోని ఎత్తలేదున్నా. నీ నంబరు నుంచి ఒక్క కాలూ రాలేదే అని నేనే బాధ పడతా ఉన్నా."

ఇద్దరి మధ్యా తగువేమీ లేదు. ఫోనులో ఒక్క గీత తప్పు చోట ఉంది, అంతే. ఆ ఫోను శాంసంగ్‌ది. దాన్ని ఎలా సరిచేశామో చెబుతూ, వేరే ఫోన్లలో తేడా ఉన్నచోట ఆ తేడా కూడా చెబుతాము.

ముందు కాగితం, తర్వాత ఫోను

ఫోను ముట్టుకునే ముందు ఒక కాగితం తీసుకుని మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు ఆంధ్రా నంబరు, కుడివైపు కర్ణాటక నంబరు రాయండి. ఏ నంబరు ఎవరి దగ్గర ఉందో కింద వరుసగా రాయండి. పెద్దాయన కాగితంలో ఎడమవైపు ఊరి బ్యాంకు, ఆధార్, చెల్లెలు, బావమరిది, పొలం కౌలుదారు వచ్చారు. కుడివైపు ఇక్కడి పింఛను బ్యాంకు, గ్యాస్, ఆసుపత్రి, మనవరాలి బడి, పాలవాడు, ఇరుగుపొరుగు వచ్చారు.

ఇది రాయడానికి పది నిమిషాలు పడుతుంది. కానీ తర్వాత చేసే ప్రతి నిర్ణయానికీ ఆధారం ఇదే. ముఖ్యంగా ఏ బ్యాంకు దగ్గర ఏ నంబరు ఉందో పాస్‌బుక్కు చూసి, లేదా బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌లు ఏ సిమ్‌కు వస్తున్నాయో చూసి రాసుకోండి. జ్ఞాపకం మీద ఆధారపడవద్దు. దీని అవసరం మోసపు కాల్స్ దగ్గర మళ్ళీ వస్తుంది.

సిమ్‌లకు పేర్లు పెట్టడం

ఫోను తెరమీద మామూలుగా `SIM 1`, `SIM 2` అనో, కంపెనీ పేరో కనబడుతుంది. రెండు సిమ్‌లూ ఒకే కంపెనీవైతే ఏది ఏదో అసలు తెలియదు. అందుకని మొదట పేర్లు మార్చుకోవాలి.

శాంసంగ్‌లో `Settings` తెరిచి, `Connections` లోకి వెళ్ళి, `SIM manager` నొక్కండి. రెండు సిమ్‌లూ కనబడతాయి. ఒకదాని మీద నొక్కితే పేరు మార్చే చోటు, పక్కన పెట్టుకునే చిన్న బొమ్మ వస్తాయి. పెద్దాయన ఫోనులో ఒకదానికి "ఊరు" అని, రెండోదానికి "బెంగళూరు" అని తెలుగులోనే పెట్టాము. బొమ్మల్లో ఇల్లు గుర్తు ఊరి సిమ్‌కు ఇచ్చాము. ఇకమీదట కాల్ వచ్చినప్పుడు, కాల్ చేసేటప్పుడు ఈ పేరో, గుర్తో తెరమీద కనబడుతుంది. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా సిమ్‌ల పేజీకి వెళ్ళి ఆ సిమ్ మీద నొక్కితే పేరు మార్చుకోవచ్చు. ఐఫోనులో సిమ్ పేజీలో లేబుల్ అనే చోట ఇదే పని జరుగుతుంది.

పేరు చిన్నదిగా ఉండాలి. "నాన్నగారి పాత ఆంధ్రా నంబరు" అని పెడితే తెరమీద సగం తెగిపోతుంది.

బయటికి వెళ్ళే కాల్: అడగమందామా, ఒకదానికి కట్టేద్దామా?

అదే `SIM manager` పేజీలో కిందికి వస్తే `Calls`, `Messages`, `Mobile data` అని మూడు వరుసలు ఉంటాయి. ఈ మూడూ దేనికవే. ఇంటర్నెట్ ఒక సిమ్ నుంచి, కాల్స్ ఇంకో సిమ్ నుంచి పెట్టుకోవచ్చు. ఒకదాన్ని మార్చితే మిగతావి మారవు.

`Calls` నొక్కితే మూడు దారులు కనబడతాయి. ఎప్పుడూ మొదటి సిమ్, ఎప్పుడూ రెండో సిమ్, లేదా `Ask always`. ఈ మూడోది పెడితే మీరు కాల్ బటన్ నొక్కిన ప్రతిసారీ ఏ సిమ్ అని ఫోను అడుగుతుంది, మీరు పేరు మీద నొక్కాలి. కొన్ని ఫోన్లలో ఈ మాటే `Ask every time` అని, `Ask first` అని ఉంటుంది. గూగుల్ డయలర్ ఉన్న ఫోన్లలో ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో `Calling accounts` కింద కూడా ఈ ఎంపిక దొరుకుతుంది.

ఏది మంచిదంటే, మీ కాగితం చూడండి. మీరు చేసే కాల్స్ దాదాపు అన్నీ ఒకవైపే ఉంటే ఆ సిమ్‌కే కట్టేయడం సుఖం. రెండువైపులా సమానంగా ఉంటే `Ask always` మంచిది. ఒక్క నొక్కు ఎక్కువ పడుతుంది, కానీ పొరపాటు జరగదు. చూపు మందగించినవారికి, చేయి వణికేవారికి మాత్రం ఆ అదనపు నొక్కు కష్టం. ప్రశ్న తెరమీద ఉండగా ఫోను చెవి దగ్గర పెట్టుకుని "మోగడం లేదే" అని ఎదురుచూసేవారిని మేము చూశాము. అలాంటివారికి ఒకే సిమ్‌కు కట్టేసి, తేడా కావలసిన నలుగురైదుగురికి మాత్రం విడిగా చెప్పి పెట్టడం నయం.

ఆ విడిగా చెప్పే పద్ధతి ఇది. గూగుల్ డయలర్ ఉన్న ఫోన్లలో సిమ్ ఏదని అడిగే చిన్న పెట్టెలో, ఈ నంబరుకు ఎప్పుడూ ఇదే వాడమని గుర్తుపెట్టే గడి ఉంటుంది. ఆ గడి నొక్కి సిమ్ ఎంచుకుంటే తర్వాతి నుంచి ఆ మనిషికి ఆ సిమ్ నుంచే వెళుతుంది. ఐఫోనులో అయితే కాంటాక్ట్ తెరిచి, ఆ మనిషికి ఏ లైన్ వాడాలో అక్కడే ఎంచుకోవచ్చు. ఈ వీలు లేని ఫోనైతే `Ask always` ఒక్కటే దారి. పెద్దాయనకు చూపు బాగానే ఉంది కాబట్టి ఆయన ఫోనులో `Ask always` పెట్టాము.

ఇక్కడ చాలామంది గమనించని ఒక చిక్కు ఉంది. మిస్డ్ కాల్ చూసి దాని మీద నొక్కి తిరిగి చేస్తే, వచ్చిన సిమ్ నుంచే వెళుతుందని అందరూ అనుకుంటారు. చాలా ఫోన్లలో అలా జరగదు. `Calls` వరుసలో ఏ సిమ్ పెట్టి ఉంటే దాని నుంచే వెళుతుంది. చెల్లెలు పాత నంబరుకు చేస్తే, పెద్దాయన కర్ణాటక నంబరు నుంచి తిరిగి చేశారన్నమాట. కాల్ జాబితాలో ప్రతి కాల్ పక్కనా ఏ సిమ్‌కు వచ్చిందో చిన్న అంకెగానో, గుర్తుగానో ఉంటుంది. తిరిగి చేసేముందు దాన్ని ఒక్కసారి చూడటం అలవాటు చేసుకోవాలి.

ఇంకొక సంగతి. ఊరి సిమ్‌లో కాల్స్ ప్యాక్ అయిపోయి ఉంటే, ఆ సిమ్ ఎంచుకున్నా కాల్ వెళ్ళదు, వెంటనే తెగిపోతుంది. అది ఫోను జబ్బు కాదు. రీఛార్జ్ చూసుకోండి.

రెండు సిమ్‌లకు రెండు టోన్లు

ఇప్పుడు లోపలికి వచ్చే కాల్స్. శాంసంగ్‌లో `Settings` తెరిచి, `Sounds and vibration` లోకి వెళ్ళి, `Ringtone` నొక్కండి. రెండు సిమ్‌లూ ఉన్న ఫోనైతే పైన రెండు సిమ్‌లకూ వేర్వేరు చోట్లు కనబడతాయి. మొదటిదాని మీద నొక్కి ఒక టోన్, రెండోదాని మీద నొక్కి ఇంకో టోన్ ఎంచుకోవాలి. నొక్కినప్పుడల్లా వినబడుతుంది కాబట్టి విని ఎంచుకోవచ్చు.

వీవో, ఒప్పో, రియల్‌మీ వంటి ఫోన్లలో కూడా శబ్దాల సెట్టింగ్స్‌లోకి వెళితే రింగ్‌టోన్ కింద రెండు సిమ్‌లకు వేర్వేరుగా పెట్టుకోవచ్చు. షావోమీ ఫోన్లలో రింగ్‌టోన్ పేజీలో రెండు సిమ్‌లకూ ఒకే టోన్ వాడమనే బటన్ ఉంటే, దాన్ని ఆపితేనే రెండు చోట్లు తెరుచుకుంటాయి. ఐఫోనులో ఈ వీలు 2023లో వచ్చిన ఐఓఎస్ 17తో మొదలైంది. `Settings` లో `Sounds & Haptics`, తర్వాత `Ringtone` లోకి వెళ్ళి ఏ సిమ్‌కో ఎంచుకోవాలి. అంతకంటే పాత వెర్షన్ ఉంటే ఫోనును అప్‌డేట్ చేస్తేగాని కనబడదు.

కొన్ని ఫోన్లలో ఎంత వెతికినా రింగ్‌టోన్ ఒక్కటే ఉంటుంది, సిమ్‌కు ఒకటి చొప్పున ఉండదు. వాటిలో వేరే దారి ఉంది. కాంటాక్ట్ తెరిచి, మూడు చుక్కల మెనూలో ఆ మనిషికి విడిగా రింగ్‌టోన్ పెట్టవచ్చు. కాగితంలో ఎడమవైపున్న ఊరివాళ్ళందరికీ ఒకే టోన్ ఇలా పెడితే, మిగిలిన వాళ్ళకు మామూలు టోన్ మోగుతుంది. సిమ్‌ను బట్టి కాకపోయినా మనిషిని బట్టి తెలుస్తుంది. కానీ నంబరు రాసిపెట్టుకోని కొత్తవాళ్ళ విషయంలో ఈ పద్ధతి పనిచేయదు.

ఎలాంటి టోన్ ఎంచుకోవాలి?

మనవాళ్ళు ఒకదానికి వేణువు, ఇంకొకదానికి వీణ పెట్టుకుంటారు. వంటింట్లో కుక్కర్ కూస్తున్నప్పుడు రెండూ ఒకటిగానే వినబడతాయి. తేడా రాగంలో ఉంటే చాలదు, తాళంలోనే ఉండాలి. ఒకటి పాతకాలపు టెలిఫోను గంటలా ఆగి ఆగి మోగేది, ఇంకొకటి ఆగకుండా సాగే సంగీతం. ఇలా పెడితే పక్క గదిలో నుంచి కూడా తెలిసిపోతుంది.

వయసు పెరిగేకొద్దీ సన్నని, కీచుమనే శబ్దాలు ముందుగా వినబడటం తగ్గుతాయి. పక్షి కూత, సన్నని ఈల వంటి టోన్లు పెద్దవారికి సరిపడవు. గంట, మద్దెల, వీణ మంద్రం వంటి లావు శబ్దాలు నయం. భక్తిగీతమో, సినిమా పాటో పెట్టుకునేవారు మొదటి రెండు మూడు సెకన్లు వినండి. నెమ్మదిగా, మౌనంగా మొదలయ్యే పాటైతే అసలు పాట అందుకునేలోపే అవతలివారు పెట్టేస్తారు. అలాగే మెమరీ కార్డులో ఉన్న పాటను టోన్‌గా పెట్టి, తర్వాత కార్డు తీసేసినా, పాట చెరిపేసినా, ఫోను తనదైన మామూలు టోన్‌కు వెళ్ళిపోతుంది. రెండు సిమ్‌లూ హఠాత్తుగా ఒకేలా మోగడం మొదలైతే ముందు ఇది చూడండి.

పెద్దాయన ఫోనులో ఊరి సిమ్‌కు పాత టెలిఫోను గంట, బెంగళూరు సిమ్‌కు వీణ పెట్టాము. గంట మోగితే ఊరి నుంచి అని ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలిసిపోయింది.

పరీక్ష చేసి చూడాలి

పెట్టేసి వదిలేయకండి. ఇంట్లో ఇంకొకరి ఫోను తీసుకుని నాలుగు కాల్స్ చేయండి. మొదట ఊరి నంబరుకు, తర్వాత బెంగళూరు నంబరుకు చేసి టోన్లు వేర్వేరుగా మోగాయా, తెరమీద సరైన పేరు వచ్చిందా చూడండి. ఈ పరీక్ష ఫోను నంబరుకు విడిగా టోన్ పెట్టి ఉండకూడదు. ఆ తర్వాత మీ ఫోను నుంచి ఒక్కొక్క సిమ్ ఎంచుకుని ఆ ఫోనుకే చేయండి. అవతలి తెరమీద ఏ నంబరు వచ్చిందో కళ్ళతో చూడండి. ఈ చివరి రెండు కాల్సే అసలు పరీక్ష. మీ ఫోను ఏమి చూపిస్తోందన్నది కాదు, అవతలివారికి ఏ నంబరు కనబడుతోందన్నదే లెక్క.

టోన్ మారనప్పుడు, అసలు మోగనప్పుడు

మూడు సందర్భాలు తరచుగా వస్తాయి.

మొదటిది, ఒక మనిషికి విడిగా టోన్ పెట్టి ఉండటం. కాంటాక్ట్‌కు పెట్టిన టోన్ సిమ్ టోన్‌ను తోసేస్తుంది. అమెరికాలో ఉన్న కొడుక్కు ప్రత్యేకంగా ఒక పాట పెట్టుకుని ఉంటే, అతడు ఏ నంబరుకు చేసినా ఆ పాటే మోగుతుంది. అది కావాలనుకుంటే ఉంచుకోండి, సిమ్ తెలియాలంటే తీసేయండి.

రెండోది వాట్సాప్ కాల్. అది ఇంటర్నెట్ మీద వచ్చేది, దానికి సిమ్ టోన్‌తో సంబంధం లేదు. దాని టోన్ వాట్సాప్ సెట్టింగ్స్‌లో `Notifications` కింద విడిగా ఉంటుంది. మూడో రకం శబ్దం అక్కడ పెట్టుకుంటే మూడూ తెలుస్తాయి.

మూడోది కొంచెం వివరంగా చెప్పాలి. మన చేతుల్లో ఉండే ఎక్కువ ఫోన్లలో రెండు సిమ్‌లూ ఉన్నా, రేడియో భాగం ఒక్కటే. కాల్ లేనప్పుడు అది రెండు సిమ్‌లనూ కనిపెట్టుకుని ఉంటుంది. ఒక సిమ్‌లో మాట్లాడటం మొదలుపెట్టగానే రెండోదాన్ని వదిలేస్తుంది. ఆ సమయంలో రెండో నంబరుకు చేసినవారికి స్విచ్చాఫ్ అనో, అందుబాటులో లేరనో వినబడుతుంది. మీ ఫోనులో మిస్డ్ కాల్ కూడా పడదు. "గంటసేపు నీ ఫోను ఆఫ్‌లో ఉంది" అని ఊరివాళ్ళు అనేదానికి కారణం తరచుగా ఇదే. కొన్ని కొత్త ఫోన్లలో ఈ ఇబ్బంది తగ్గింది. శాంసంగ్‌లో `SIM manager` లోనే, అదనపు అమరికల్లో `Dual SIM always on` అనేది ఉంటే దాన్ని వేయవచ్చు. ఒక నంబరు అందనప్పుడు కాల్‌ను రెండో నంబరుకు మళ్ళించడమే అది చేసే పని. మళ్ళించిన కాల్‌కు మీ ప్యాక్‌ను బట్టి ఛార్జీ పడవచ్చు. అలా మళ్ళివచ్చిన కాల్ ఏ నంబరుకు చేసిందో టోన్‌ను బట్టి చెప్పలేరు.

కాల్ మళ్ళింపు గురించి ఒక హెచ్చరిక. ఎవరో ఫోను చేసి, నక్షత్రం గుర్తుతో మొదలయ్యే అంకెలు నొక్కమంటే నొక్కవద్దు. `*401*` తర్వాత ఒక నంబరు నొక్కించి, మీ కాల్స్‌ను తమ ఫోనుకు మళ్ళించుకునే మోసాలు జరిగాయి. అందువల్లే 2024 ఏప్రిల్ 15 నుంచి అలాంటి కోడ్‌తో మళ్ళింపు సేవను ఆపమని టెలికాం శాఖ కంపెనీలకు చెప్పింది. మళ్ళింపు కావాలంటే కంపెనీ దుకాణానికి వెళ్ళి అడగండి.

గంటా, వీణా: మోసపు కాల్‌ను పట్టుకోవడానికి ఒక ఆనవాలు

రెండు టోన్ల వల్ల కలిగే పెద్ద లాభం ఇది. కాగితం మళ్ళీ చూడండి. పెద్దాయన ఊరి బ్యాంకుకు ఆంధ్రా నంబరు ఒక్కటే తెలుసు. ఒకరోజు మధ్యాహ్నం వీణ మోగింది, అంటే కర్ణాటక నంబరు. అవతలి గొంతు మంచి తెలుగులో, ఊరి బ్యాంకు పేరు చెప్పి, కేవైసీ అయిపోలేదు, సాయంత్రానికి ఖాతా ఆగిపోతుంది, వచ్చిన ఓటీపీ చెప్పండి అంది. ఆయన ఒక్కటే అడిగారు: "బాబూ, ఈ నంబరు మీ బ్యాంకులో ఇవ్వనే లేదు. నీకెట్లా వచ్చింది?" ఫోను తెగిపోయింది.

ఇదొక ఆనవాలు మాత్రమే, పూర్తి రక్ష కాదు. ఇవ్వని నంబరుకు బ్యాంకు పేరుతో కాల్ వస్తే అది మోసమని దాదాపు నిశ్చయంగా అనుకోవచ్చు. కానీ ఇచ్చిన నంబరుకు వచ్చినంత మాత్రాన అది నిజమైన బ్యాంకు అని కాదు. మోసగాళ్ళకు ఆ నంబరు కూడా దొరకవచ్చు. బ్యాంకుల వంటి ఆర్థిక సంస్థల సేవా కాల్స్‌కు `1600` తో మొదలయ్యే నంబర్లను కేటాయించారు. ప్రచారపు కాల్స్‌కు `140` తో మొదలయ్యేవి ఉన్నాయి. మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచి బ్యాంకు అని ఎవరైనా అంటే పెట్టేసి, పాస్‌బుక్కు మీదున్న నంబరుకు మీరే చేయండి. ఏ టోన్ మోగినా, ఏ నంబరు నుంచి వచ్చినా ఓటీపీ చెప్పకూడదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే `1930` కు చేయాలి.

మోగని సిమ్‌ను మరచిపోకండి

అన్ని కాల్స్‌నూ ఒకే సిమ్‌కు కట్టేసినవారికి చివరగా ఒక మాట. వాడకుండా వదిలేసిన రెండో సిమ్ ఒకరోజు పోతుంది. ట్రాయ్ నియమం ప్రకారం ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే కంపెనీ తీసేయవచ్చు. అలా తీసేసిన నంబరును కనీసం 90 రోజుల విరామం తర్వాత ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఊరి బ్యాంకు మెసేజ్‌లు ఎవరికో వెళతాయి. కాబట్టి ఊరి సిమ్‌లో రీఛార్జ్ గడువు క్యాలెండరులో రాసుకోండి, నెలకు ఒకసారైనా ఆ సిమ్ నుంచి ఊరికి ఒక కాల్ చేయండి. ఇంటర్నెట్ అక్కరలేనివారికి కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉన్న ప్యాక్‌లు కూడా ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నియమం తెచ్చింది. ఊరి సిమ్‌కు అది సరిపోతుంది. రీఛార్జ్ చేయించేటప్పుడు అడిగి తీసుకోండి.

సిమ్‌లను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చినా, కొత్త సిమ్ వేసినా, ఫోను మార్చినా అమరికలు తారుమారు కావచ్చు. చాలా ఫోన్లలో టోన్ సిమ్‌కు కాదు, ఆ సిమ్ కూర్చున్న గూటికి అంటుకుని ఉంటుంది. అలాంటప్పుడు గంట బెంగళూరుకు, వీణ ఊరికి మారిపోతాయి. పైన చెప్పిన నాలుగు కాల్స్ పరీక్ష మళ్ళీ చేస్తే తెలిసిపోతుంది.

ఆ కాగితాన్ని పారేయకుండా పాస్‌బుక్కులో పెట్టుకోండి. ఏ నంబరు ఎవరి దగ్గర ఉందో ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. ఫోను పోయిన రోజున మొదట అడిగేది అదే.